మాంద్యం ఒకటే, దారులు వేరు: 1929 మహామాంద్యంపై పెద్ద ప్రశ్నకు జవాబు రాయడం ఎలా?

డిగ్రీ, పీజీ చరిత్ర పరీక్షల్లోనూ, గ్రూప్-1, సివిల్స్ మెయిన్స్‌కు చదివేవాళ్ల సాధన పుస్తకాల్లోనూ ఈ తరహా ప్రశ్న ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది: "1929 తర్వాతి ఆర్థిక మాంద్యం వివిధ దేశాల రాజకీయాలనూ భావజాలాలనూ ఎలా మార్చిందో ఉదాహరణలతో చర్చించండి." చూడగానే తేలికనిపిస్తుంది. వాల్‌స్ట్రీట్ పతనం, హిట్లర్, రూజ్‌వెల్ట్ అందరికీ తెలిసినవే. తీరా రాయడం మొదలుపెట్టాక సగం కాగితం షేర్ మార్కెట్ ఎందుకు కూలిందో చెప్పడానికే అయిపోతుంది. మిగతా సగంలో దేశానికొక పేరా చొప్పున విడివిడి కథలు పడతాయి. వాటిని కలిపే దారం మాత్రం ఉండదు.

ఆ దారం పట్టుకోవడం ఎలాగో, దాని చుట్టూ జవాబు అల్లడం ఎలాగో దశలవారీగా చూద్దాం. సుమారు వెయ్యి మాటల జవాబు, 45 నిమిషాల సమయం అనుకుందాం.

దశ 1: ప్రశ్నను నాలుగు ముక్కలు చేయండి

పెన్సిల్‌తో నాలుగు మాటల కింద గీత గీయండి: మాంద్యం, రాజకీయాలు, భావజాలాలు, వివిధ దేశాలు. తర్వాత "మార్చింది" అనే క్రియ చుట్టూ సున్నా చుట్టండి.

మాంద్యం ఇక్కడ కారణం. అది ఎందుకు వచ్చిందని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలిందనీ, అమెరికా అప్పులమీద నడుస్తున్న యూరప్‌కూ, పంటలూ ముడిసరుకులూ అమ్ముకుని బతికే దేశాలకూ ఆ దెబ్బ పాకిందనీ రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగండి.

రాజకీయాలు, భావజాలాలు రెండూ ఒకటి కావు. ఎవరు గెలిచారు, ఏ ప్రభుత్వం కూలింది, అధికారం పార్లమెంటు చేతిలో ఉందా, సైన్యం చేతిలో ఉందా అన్నది రాజకీయం. ప్రభుత్వం ఏం చేయాలి, పౌరుడికి ఏం బాకీ పడింది అనే విషయంలో జనం నమ్మకం ఎలా మారిందన్నది భావజాలం. 1932 ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ గెలవడం రాజకీయం. ముసలితనంలోనూ, పని దొరకని రోజుల్లోనూ ఆదుకోవడం కేంద్ర ప్రభుత్వ బాధ్యత అని అమెరికన్లు అనుకోవడం మొదలుపెట్టడం భావజాలం. ఈ తేడాను జవాబు మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పేస్తే, ప్రశ్న మీకు అర్థమైందని దిద్దేవారికి అక్కడే తెలిసిపోతుంది.

"మార్చింది" అన్నప్పుడు ముందు ఎలా ఉండేదో కూడా చెప్పాలి. ప్రతి దేశానికీ 1928 నాటి పరిస్థితి ఒక వాక్యంలో లేకపోతే, మీరు వర్ణించేది మార్పో కాదో చదివేవాడికి తెలియదు.

దశ 2: ఆర్థికం నుంచి రాజకీయానికి గొలుసు వేయండి

చాలా జవాబులు "ఉద్యోగాలు పోయాయి, అందుకే జనం హిట్లర్‌కు ఓటేశారు" అని దూకేస్తాయి. అమెరికాలోనూ ఉద్యోగాలు పోయాయి కదా, అక్కడ హిట్లర్ ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు నిలబడని వాక్యాన్ని జవాబులో ఉంచకండి. మధ్యలో తెగిపోయిన లంకెలు కలుపుకుంటూ రండి.

గొలుసు ఇలా సాగుతుంది. ధరలు పడ్డాయి. రైతుల, వ్యాపారుల ఆదాయాలు పడ్డాయి. దాంతో ప్రభుత్వానికి పన్నులు తగ్గాయి. అదే సమయంలో నిరుద్యోగ భృతి ఖర్చు పెరిగింది. ఆనాటి ప్రధాన దేశాల కరెన్సీలు బంగారానికి ముడిపడి ఉన్నాయి. ఒక ప్రభుత్వం లోటులో పడుతోందని తెలిస్తే పెట్టుబడిదారులు డబ్బును బంగారంగా మార్చుకుని దేశం దాటిస్తారు. అది ఆపాలంటే వడ్డీ పెంచాలి, ఖర్చు కోయాలి. అంటే జనం చేతిలో డబ్బు లేని సమయంలోనే ప్రభుత్వం కూడా చేయి బిగించాల్సి వచ్చింది. మరి ఆ కోత ఎవరి మీద పడాలి? కార్మికుడి మీదా, యజమాని మీదా, రైతు మీదా, ఉద్యోగి మీదా? ఈ తగాదా దగ్గరే ఆర్థిక సంక్షోభం రాజకీయ సంక్షోభంగా మారింది.

ఈ గొలుసు నిజమని చూపడానికి ఒక జంట ఉదాహరణ దగ్గర పెట్టుకోండి. 1930 మార్చిలో జర్మనీలో సోషల్ డెమొక్రాట్ హెర్మన్ ముల్లర్ నడిపిన సంకీర్ణ ప్రభుత్వం కూలింది. నిరుద్యోగ బీమాకు చందా పెంచాలా, భృతి తగ్గించాలా అన్నదే అక్కడి గొడవ. 1931 ఆగస్టులో బ్రిటన్‌లో రామ్సే మెక్‌డొనాల్డ్ లేబర్ ప్రభుత్వం కూలింది. నిరుద్యోగ భృతిలో పది శాతం కోత పెట్టాలా, వద్దా అన్నదాని మీద మంత్రివర్గం దాదాపు చెరిసగంగా చీలిపోయింది. రెండు చోట్లా కార్మికుల పార్టీయే ప్రభుత్వాన్ని నడుపుతోంది, రెండు చోట్లా తగాదా ఒకటే. కానీ ఒక దేశం మూడేళ్లలో నియంతృత్వానికి చేరింది, రెండోది పార్లమెంటుతోనే కొనసాగింది. మీ జవాబంతా నిజానికి ఈ తేడాకు వివరణ.

దశ 3: వాదనను ఒక్క వాక్యంలో రాసుకోండి

కాగితం మూలన రాసుకునే ఈ వాక్యమే జవాబుకు ఇరుసు. ఒక నమూనా:

"మాంద్యం అన్ని చోట్లా అధికారంలో ఉన్నవారినీ, మార్కెట్టే అన్నీ సర్దుతుందన్న నమ్మకాన్నీ దెబ్బతీసింది, ఆ ఖాళీని ఎవరు నింపారన్నది మాత్రం ఆయా దేశాల సంస్థల బలమూ, వర్గాల పొత్తులూ తేల్చాయి."

ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది అన్ని దేశాలకూ ఉమ్మడి, రెండోది దేశాన్ని బట్టి మారేది. ఈ రెండూ ఉంటేనే పోలిక సాధ్యమవుతుంది.

మొదటి భాగానికి మంచి రుజువు ఉంది. అమెరికాలో రిపబ్లికన్ హూవర్ ఓడిపోయి డెమొక్రాట్లు వచ్చారు. బ్రిటన్‌లో లేబర్ ఓడిపోయి కన్సర్వేటివ్‌ల ఆధిపత్యం ఉన్న నేషనల్ ప్రభుత్వం వచ్చింది. ఒక చోట గాలి ఎడమకు వీచింది, మరో చోట కుడికి. కాబట్టి మాంద్యం జనాన్ని వామపక్షం వైపు నెట్టిందనో, మితవాదం వైపు నెట్టిందనో రాయకండి. అది ముందుగా కుర్చీలో ఉన్నవాళ్లను దింపింది.

దశ 4: ఫలితాన్ని బట్టి దేశాలను ఎంచుకోండి

పేరున్న దేశాలన్నీ జవాబులో కూరితే ఒక్కోదానికి మూడు వాక్యాలు మిగులుతాయి. ఒక్కో రకం ఫలితానికి ఒక దేశం చాలు. ప్రజాస్వామ్యం కూలిన చోటికి జర్మనీ. ప్రజాస్వామ్యం నిలబడి తన రూపం మార్చుకున్న చోటికి అమెరికా. పెద్దగా కుదుపు లేకుండా మితవాదం వైపు జరిగిన చోటికి బ్రిటన్. ఓట్లతో పని లేకుండా సైన్యం పైచేయి సాధించిన చోటికి జపాన్. అవసరమైతే రెండు వాక్యాల్లో స్వీడన్.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ముస్సోలినీ అధికారానికి వచ్చింది 1922లో. సోవియట్ మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది 1928లో. రెండూ మాంద్యానికి ముందువే. "మాంద్యం ఇటలీలో ఫాసిజాన్ని తెచ్చింది" అని రాస్తే జవాబు మీద నమ్మకమే పోతుంది. ఈ దేశాలను వాడాలంటే వేరే విధంగా వాడండి. పెట్టుబడిదారీ దేశాల్లో ఫ్యాక్టరీలు మూతపడుతుంటే రష్యాలో కొత్తవి లేస్తున్నాయన్న మాట ప్రపంచమంతా వ్యాపించి, కమ్యూనిజానికీ ప్రణాళికలకూ ఆకర్షణ పెంచింది. అదే కాలంలో, 1932-33లో, సోవియట్ గ్రామాలు కరవుతో అల్లాడాయన్నది బయటి అభిమానుల్లో చాలామంది చూడనిది. ఈ రెండు వాక్యాలూ భావజాలం పేరాలో చక్కగా ఇముడుతాయి.

దశ 5: ఒక దేశాన్ని పూర్తిగా రాసి చూడండి – జర్మనీ

ప్రతి దేశానికీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ముందు ఎలా ఉంది? దెబ్బ ఏ దారిన తగిలింది? రాజకీయం, భావజాలం ఎలా మారాయి? మాంద్యం ఒక్కటే వివరించలేనిది ఏమిటి? చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. చర్చ పుట్టేది అక్కడే.

ముందు: 1928 మే ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం, సీట్లు 12. సోషల్ డెమొక్రాట్లదే పెద్ద పార్టీ.

దెబ్బ తగిలిన దారి: జర్మనీ కోలుకున్నది అమెరికన్ అప్పుల మీద. 1929 తర్వాత అవి వెనక్కి పోయాయి. ముల్లర్ తర్వాత వచ్చిన ఛాన్సలర్ బ్రూనింగ్ జీతాలు, భృతులు కోసి, పన్నులు పెంచాడు. 1923లో మార్కు విలువ కాగితం ముక్క స్థాయికి పడిపోయిన జ్ఞాపకం పచ్చిగానే ఉంది కాబట్టి, ఖర్చు పెంచుదామంటే భయం. పార్లమెంటులో మెజారిటీ లేనందున రాజ్యాంగం 48వ అధికరణం కింద అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో అత్యవసర ఉత్తర్వులు జారీ చేస్తూ పాలించాడు. అంటే హిట్లర్ రావడానికి రెండున్నరేళ్ల ముందే పార్లమెంటు పక్కకు జరిగింది. 1932 ఆరంభానికి నమోదైన నిరుద్యోగుల సంఖ్య అరవై లక్షలకు చేరింది.

మార్పు: నాజీల ఓట్లు 1930 సెప్టెంబరులో 18.3 శాతానికి, 1932 జులైలో 37 శాతానికి పైగా ఎగబాకాయి. కమ్యూనిస్టులు కూడా పెరిగి 1932 నవంబరుకు దాదాపు 17 శాతానికి చేరారు. ఎవరి ఓట్లు ఎటు వెళ్లాయో చెప్పడం ముఖ్యం. పని పోయిన కార్మికులు ఎక్కువగా మొగ్గింది కమ్యూనిస్టుల వైపు. నాజీలకు బలమైన మద్దతు ప్రొటెస్టెంట్ పల్లెల్లో, చిన్న పట్టణాల్లో, అప్పుల్లో ఉన్న రైతుల్లో, చిన్న దుకాణదారుల్లో కనిపించింది. వీళ్లను నడిపింది ఆకలి ఒక్కటే కాదు, ఉన్నది కూడా పోతుందన్న భయం, కమ్యూనిస్టులు వస్తారన్న భయం.

పరిమితి: 1932 నవంబరు ఎన్నికల్లో నాజీల ఓట్లు 33 శాతానికి తగ్గాయి. జులైతో పోలిస్తే ఇరవై లక్షల ఓట్లు పోయాయి. అప్పటికీ హిట్లర్‌కు సొంత మెజారిటీ లేదు. 1933 జనవరి 30న అతన్ని ఛాన్సలర్‌ను చేసింది హిండెన్‌బర్గ్. హిట్లర్‌ను తమ అదుపులో పెట్టుకోవచ్చనుకున్న పాపెన్ వంటి మితవాద పెద్దలు ఆ పని చేయించారు. మాంద్యం హిట్లర్‌కు ఓట్లిచ్చింది, అధికారం మాత్రం తెరవెనుక మంతనాలు ఇచ్చాయి. ఈ ఒక్క వాక్యం మీ జవాబును మిగతావాటినుంచి వేరుచేస్తుంది.

ఇదంతా పరీక్షలో పేరాగా మారితే ఇలా ఉండొచ్చు:

"1928లో 2.6 శాతం ఓట్లున్న నాజీ పార్టీ 1932 జులై నాటికి 37 శాతం దాటింది. అమెరికన్ అప్పుల ఉపసంహరణ, బ్రూనింగ్ కోతలు, అరవై లక్షల నిరుద్యోగం దీనికి నేపథ్యం. అయితే నిరుద్యోగ కార్మికులు ప్రధానంగా కమ్యూనిస్టుల వైపు వెళ్లగా, నాజీలకు రైతులూ దిగువ మధ్యతరగతీ అండగా నిలిచారు. 1930 నుంచే అత్యవసర ఉత్తర్వుల పాలన పార్లమెంటును బలహీనపరిచింది. 1932 నవంబరులో నాజీల ఓట్లు తగ్గినా, మితవాద పెద్దల లెక్క తప్పడంతో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. కాబట్టి మాంద్యం నాజీజానికి అవసరమైన కారణమే తప్ప, సరిపోయే కారణం కాదు."

ఇందులో అంకెలు నాలుగైదుకు మించలేదు. ప్రతి అంకె ఒక వాదనను మోస్తోంది. మోయని అంకెను తీసేయండి.

దశ 6: మిగతా దేశాలకు అవే నాలుగు ప్రశ్నలు

అమెరికా. 1920ల్లో దాదాపు అంతా రిపబ్లికన్ల పాలన. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్న నమ్మకం. 1933 నాటికి దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. 1932 నవంబరులో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 42 గెలిచాడు. న్యూ డీల్ కింద బ్యాంకులకు కట్టడి, పంటలకు ధర మద్దతు, ప్రభుత్వ పనులు వచ్చాయి. 1935లో కార్మిక సంఘాల హక్కును గుర్తించిన వాగ్నర్ చట్టం, సామాజిక భద్రత చట్టం వచ్చాయి. కార్మికులు, నగరవాసులు, దక్షిణాది శ్వేతజాతీయులు, 1936 నాటికి నల్లజాతి ఓటర్లు ఒకే పార్టీ వెనుక చేరారు.

ఇక్కడి పరిమితులను కూడా రాయండి. సుప్రీంకోర్టు 1935-36లో పారిశ్రామిక పునరుద్ధరణ చట్టంలోని కీలక భాగాన్నీ, వ్యవసాయ చట్టాన్నీ కొట్టేసింది. వ్యవసాయ కూలీలనూ ఇంటిపనివారినీ సామాజిక భద్రత నుంచి మొదట బయటే ఉంచారు. 1937-38లో ఆర్థిక వ్యవస్థ మళ్లీ కుంగింది. అంటే న్యూ డీల్ మాంద్యాన్ని పూర్తిగా నయం చేయలేదు. ప్రభుత్వం తమను పట్టించుకుంటోందన్న నమ్మకం కలిగించి, రాజ్యాంగం లోపలే మార్పుకు దారి చూపింది. కోర్టు కొట్టేసినా రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆ తీర్పులకు లోబడే నడిచిందన్నది జర్మనీతో పోల్చడానికి పనికొస్తుంది.

బ్రిటన్. లేబర్ చీలాక మెక్‌డొనాల్డే కన్సర్వేటివ్‌లతో, లిబరల్స్‌లో ఒక వర్గంతో కలిసి నేషనల్ ప్రభుత్వం ఏర్పాటు చేశాడు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ముడి తెంచుకుంది. అక్టోబరు ఎన్నికల్లో 1929లో 287 సీట్లున్న లేబర్ యాభై దగ్గరికి పడిపోయింది. 1932లో దిగుమతి సుంకాల చట్టంతో, దాదాపు శతాబ్దంగా ఆ దేశం గొప్పగా చెప్పుకున్న స్వేచ్ఛా వాణిజ్యం ముగిసింది. భావజాలపరంగా ఇది చిన్న మార్పు కాదు. లేబర్ మంత్రిగా రాజీనామా చేసిన మోస్లే 1932లో ఫాసిస్టు పార్టీ పెట్టినా ఒక్క పార్లమెంటు సీటూ గెలవలేదు. కారణాలు వెతికితే మూడు కనిపిస్తాయి: బంగారాన్ని తొందరగా వదలడంతో వడ్డీలు తగ్గాయి, మితవాద ఓటర్లకు కన్సర్వేటివ్ పార్టీ రూపంలో బలమైన ఇల్లు ఉంది, పార్లమెంటు పద్ధతి మీద అన్ని ప్రధాన పార్టీలకూ నమ్మకం ఉంది.

జపాన్. 1920ల్లో పార్టీ ప్రభుత్వాలు నడిచాయి. సరిగ్గా మాంద్యం ముదురుతున్న 1930 జనవరిలో ఆర్థికమంత్రి ఇనోవే దేశాన్ని తిరిగి బంగారు ముడిలోకి తెచ్చాడు. అమెరికాకు ఎగుమతయ్యే పట్టు ధర కుప్పకూలి, పట్టుపురుగులు పెంచే పల్లెలు అప్పుల పాలయ్యాయి. పార్టీ నాయకులూ పెద్ద వ్యాపార కుటుంబాలూ కుమ్మక్కై పల్లెలను ముంచారన్న ఆగ్రహం యువ సైనికాధికారుల్లో, జాతీయవాద బృందాల్లో పెరిగింది. 1931 సెప్టెంబరు 18న ముక్డెన్ ఘటనను సాకుగా చేసుకుని సైన్యం మంచూరియాలోకి చొరబడింది. 1932లో ఇనోవే, తర్వాత ప్రధాని ఇనుకై హత్యకు గురయ్యారు. ఆ తర్వాత 1945 దాకా పార్టీ ప్రభుత్వం రాలేదు.

జపాన్ నేర్పే ముఖ్యమైన విషయం ఒకటుంది. 1931 డిసెంబరులో వచ్చిన ఆర్థికమంత్రి తకహాషి బంగారు ముడి తెంచి, ప్రభుత్వ ఖర్చు పెంచి, చాలా దేశాలకంటే ముందే ఆర్థిక వ్యవస్థను గట్టెక్కించాడు. అయినా సైన్యం పట్టు సడలలేదు. సైనిక ఖర్చుకు కళ్లెం వేయబోయిన తకహాషినే 1936 ఫిబ్రవరిలో తిరుగుబాటు సైనికులు చంపారు. ఆర్థికం బాగుపడితే రాజకీయం దానంతట అదే చక్కబడదన్నమాట. సైన్యం చక్రవర్తికే జవాబుదారీ తప్ప మంత్రివర్గానికి కాదన్న మేజీ రాజ్యాంగ లోపం మాంద్యానికి ముందునుంచీ ఉంది.

దశ 7: పోలిక పేరాను తప్పనిసరిగా వేరే రాయండి

దేశాల పేరాలు అయ్యాక ఒక పేరా పూర్తిగా పోలికకే ఇవ్వండి. రెండు కొలబద్దలు చాలు.

మొదటిది, రైతు ఎవరితో చేతులు కలిపాడు? ష్లెస్విగ్-హోల్‌స్టైన్ వంటి ప్రాంతాల జర్మన్ రైతులు పాత పార్టీలను వదిలి నాజీల వైపు వెళ్లారు. స్వీడన్‌లో 1933లో సోషల్ డెమొక్రాట్లు రైతు పార్టీతో బేరం కుదుర్చుకున్నారు. పంటలకు ధర రక్షణ రైతుకు, ప్రభుత్వ ఖర్చుతో పనులు కార్మికుడికి. ఇద్దరూ కొంత వదులుకుని కొంత పొందారు. పెర్ ఆల్బిన్ హాన్సన్ ప్రభుత్వం నిలబడింది. అమెరికాలో న్యూ డీల్ కూడా పంటకు ధర, కార్మికుడికి హక్కు అనే రెండింటినీ ఒకే మూటలో కట్టింది. రైతు, కార్మికుడు కలిసిన చోట ప్రజాస్వామ్యం గట్టెక్కింది, విడిపోయిన చోట చిక్కుల్లో పడింది. బ్రిటన్‌లో రైతుల సంఖ్య తక్కువ కాబట్టి ఈ కొలబద్ద అక్కడ అంతగా పనిచేయదని కూడా చెప్పండి. కొలబద్ద ఎక్కడ పనిచేయదో చెబితే వాదన బలపడుతుంది.

రెండోది, సంకటంలో అధికారం ఎవరి చేతికి జారింది? అమెరికా, బ్రిటన్, స్వీడన్‌లలో ఎన్నికైన సభ చేతిలోనే ఉంది. జర్మనీలో అధ్యక్షుడి సంతకానికి, జపాన్‌లో సైన్యానికి జారిపోయింది.

దశ 8: భావజాలం పేరాలో కాలక్రమం తప్పకండి

"రూజ్‌వెల్ట్ కీన్స్ సిద్ధాంతాన్ని అనుసరించి న్యూ డీల్ తెచ్చాడు" అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. కీన్స్ ప్రధాన గ్రంథం వెలువడింది 1936లో, న్యూ డీల్ మొదలైంది 1933లో. పైగా 1932 ప్రచారంలో రూజ్‌వెల్ట్ సమతుల బడ్జెట్ తెస్తానని మాటిచ్చాడు. నిజానికి చాలా చోట్ల ముందు అవసరం కొద్దీ విధానం వచ్చింది, దానికి సిద్ధాంతం తర్వాత దొరికింది. ఇదే భావజాలం పేరాకు మంచి ఎత్తుగడ.

అక్కడినుంచి ఇలా సాగండి. మార్కెట్‌ను దాని మానాన వదిలేయాలన్న పాత ఉదారవాదం దాదాపు అన్ని చోట్లా వెనకడుగు వేసింది. రాజ్యం జోక్యం చేసుకోవాలన్న ఆలోచన ఒకటే, రంగులు మాత్రం వేరు: అమెరికాలో సంస్కరించిన ఉదారవాదం, స్వీడన్‌లో సోషల్ డెమొక్రసీ, జర్మనీలో జాతివాదం, యుద్ధసన్నాహం, జపాన్‌లో సామ్రాజ్య విస్తరణ. రాజ్యం పెద్దదైందని చెప్పి ఆగకుండా, ఎవరికోసం పెద్దదైందో చెప్పండి.

దశ 9: భారతదేశాన్ని ఎప్పుడు తేవాలి?

ప్రశ్నలో "వలస దేశాలు" అనో "భారత్‌తో సహా" అనో ఉంటే ఒక పేరా కేటాయించండి, లేకపోతే ఒక వాక్యం చాలు. ఇక్కడ దెబ్బ ఫ్యాక్టరీ దారిన కాక పొలం దారిన తగిలింది. పంటల ధరలు దాదాపు సగానికి పడ్డాయి. శిస్తు, అప్పు, వడ్డీ మాత్రం నగదులో అలాగే ఉన్నాయి. రూపాయి విలువను నిర్ణయించే అధికారం మన చేతిలో లేదు. రైతుల ఇళ్లలోని బంగారం అమ్ముడుపోయి దేశం దాటింది. శాసనోల్లంఘన ఉద్యమం మాంద్యం వల్ల పుట్టింది కాదు, కానీ శిస్తు నిరాకరణకు పల్లెల్లో దొరికిన ఊపులో మాంద్యం పాత్ర ఉంది. 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ, 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడ్డాయి. కోస్తాంధ్ర జమీందారీ ప్రాంతాల్లో ఎన్.జి. రంగా రైతు ఉద్యమాన్ని నడిపారు. 1937లో మద్రాసులో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక జమీందారీ సమస్యపై టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ వేశారు. తెలుగు నేల మీద రైతు ప్రశ్న రాజకీయాల మధ్యలోకి వచ్చిన దశాబ్దం అది.

దశ 10: సమయం, తనిఖీ

మొదటి ఐదారు నిమిషాలు పథకానికి: వాదన వాక్యం, దేశాలు, దేశానికి రెండు అంకెలు. ముప్ఫై ఐదు నిమిషాలు రాయడానికి. అందులో జర్మనీకి ఎక్కువ, బ్రిటన్‌కు తక్కువ ఇచ్చినా ఫర్వాలేదు, పోలిక పేరాకు మాత్రం ఏడు నిమిషాలకు తగ్గనివ్వకండి. సమయం మించిపోతోందనిపిస్తే ఒక దేశాన్ని వదిలేయండి, పోలికను వదలకండి. మిగిలిన నాలుగైదు నిమిషాలు దిద్దుకోవడానికి.

దిద్దేటప్పుడు ముందు తేదీలు చూడండి. కారణంగా చెప్పినది ఫలితంగా చెప్పినదానికంటే ముందే జరిగిందా? తర్వాత "జనం విసిగిపోయారు", "అశాంతి పెరిగింది" వంటి మాటలు ఎక్కడున్నాయో చూసి, ఏ జనమో, ఏ పని చేశారో పక్కన చేర్చండి. ముగింపులో కొత్త దేశం తేవద్దు. మూడో దశలో రాసుకున్న వాక్యాన్ని, ఇప్పుడు దొరికిన రుజువులతో ఇంకాస్త పదునుపెట్టి రాయండి: దెబ్బ ఆర్థికమైనదే అయినా, ఫలితాన్ని తేల్చింది వర్గాల మధ్య పొత్తులూ, సంస్థల పట్టూ అని.

ఆఖరి పరీక్ష ఇది. ప్రతి దేశం పేరాలోనూ దేశం పేరును వేలితో మూసి చదవండి. ఆ పేరా వేరే దేశానికి కూడా సరిపోతుంటే, అందులో ఆ దేశానికే చెందిన ఒక పేరు, ఒక తేదీ, ఒక నిర్ణయం ఇంకా రాలేదన్నమాట. మిగిలిన నిమిషాలను అక్కడే ఖర్చుపెట్టండి.